353 నుంచి 127కి: చిట్టీ సందేశాన్ని రెండు ఎస్సెమ్మెస్ భాగాల్లో ఇమిడ్చే పద్ధతి

హైదరాబాద్‌లో చిట్ ఫండ్ కంపెనీలు సభ్యులకు నెలనెలా పంపే సందేశం దాదాపు ఒకే రకంగా ఉంటుంది. ఈ నెల ఎంత కట్టాలి, డివిడెండ్ ఎంత వచ్చింది, ఏ తేదీలోగా కట్టాలి, ఆలస్యమైతే ఎంత పడుతుంది, పాట ఎప్పుడు, ఎక్కడ. ఇదే సంగతి ఇంగ్లీషులో 180 అక్షరాల లోపే చెప్పొచ్చు. రెండు ఎస్సెమ్మెస్ భాగాల్లో హాయిగా సరిపోతుంది. దాన్ని మాటకు మాటగా తెలుగు చేస్తే ఆరు భాగాలవుతుంది, పంపే ఖర్చు మూడింతలు. అప్పుడు ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చుని చేతికొచ్చిన మాట కొట్టేస్తారు. తీసిన మాటలతో పాటు ఏ షరతు పోయిందో, ఏ అంకె అర్థం మారిందో సభ్యుడు కౌంటర్ దగ్గరికొచ్చి గొడవపడితే గానీ తెలియదు.

అంత దూరం రాకుండా చూడాలంటే ముందు లెక్క ఎలా పడుతుందో తెలియాలి. ఒక ఎస్సెమ్మెస్‌లో సందేశానికి ఉండే చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. మామూలు ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగు అక్షరాలు ఆ పట్టికలో లేవు. అందువల్ల ఒక్కో దానికి 16 బిట్లు పడుతుంది, మొత్తం 70 పడతాయి. సందేశం అంతకంటే పొడవైతే దాన్ని ముక్కలు చేసి పంపుతారు. ఏ ముక్క తర్వాత ఏది రావాలో ఫోన్‌కు చెప్పడానికి ప్రతి ముక్కలోనూ 6 బైట్లు పక్కన పెట్టాలి. దాంతో ఇంగ్లీషుకు 153, తెలుగుకు 67 మాత్రమే మిగులుతాయి. రెండు భాగాల తెలుగు సందేశానికి హద్దు 134, మూడింటికి 201.

ఇంగ్లీషు సందేశం మధ్యలో ఒక్క తెలుగు అక్షరం పడినా మొత్తం సందేశం 70ల లెక్కలోకి జారిపోతుంది. రూపాయి గుర్తు ₹ పెట్టినా అంతే, ఆ పాత పట్టికలో అది కూడా లేదు. సగం ఇంగ్లీషులో సగం తెలుగులో రాస్తే చోటు కలిసొస్తుందనుకోవడం ఇందుకే పొరపాటు. తెలుగును కూడా 7 బిట్లలో పంపే పట్టిక ప్రమాణాల్లో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని అవతలి ఫోన్ అర్థం చేసుకోకపోతే అక్షరాలు తారుమారవుతాయి. అందుకని సంస్థలు దాన్ని నమ్ముకోవు.

ఇక రెండో సంగతి. కంటికి కనిపించే అక్షరం వేరు, లెక్కకొచ్చేది వేరు. ప్రతి హల్లు, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు, ప్రతి సున్నా విడివిడిగా ఒక్కో గడి తీసుకుంటాయి. ‘స్త్రీ’ చూడటానికి ఒకటే అక్షరం, లెక్కలో ఆరు గడులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వత్తు ఎక్కడ ఉన్నా రెండు గడులు అదనం. కాబట్టి తెలుగులో పొట్టి చేయడమంటే మాటలు తగ్గించడమే కాదు, వత్తులూ గుణింతాలూ తక్కువున్న మాటను ఎంచుకోవడం కూడా. ‘చెల్లించండి’ 11 గడులు, ‘కట్టండి’ 7. రెండూ ఒకే పని చెబుతాయి, పైగా చిట్టీ కట్టేవాళ్ళు రెండో మాటే వాడతారు.

కంటికి అసలే కనిపించని గడి ఒకటుంది. ‘కూకట్‌పల్లి’ అని సరిగ్గా పడాలంటే ‘ట్’ తర్వాత, ‘ప’కు ముందు ఒక అదృశ్య గుర్తు ఉండాలి. అది లేకపోతే ‘ప’ కాస్తా ‘ట’ కింద వత్తుగా మారి ‘కూకట్పల్లి’ అని పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి గనుక టైపు చేసేవాళ్ళకు తెలియదు, కానీ లెక్కలో అది ఒక గడి. దానితో కలిపి కూకట్‌పల్లికి 11 గడులు. దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటివి రెండున్నాయి, ఆ పేరుకు 14. ఉప్పల్‌కు ఆరే.

అందుకే కంటితో లెక్కపెట్టడం పనికిరాదు. స్ప్రెడ్‌షీట్‌లో సందేశాన్ని A2 సెల్‌లో పెట్టి పక్క సెల్‌లో `=LEN(A2)` అని కొడితే సరైన అంకె వస్తుంది. పైథాన్ వాడేవాళ్ళకు ఇది చాలు:

```python
s = "చిట్ K14/27 వాయిదా"
print(len(s.encode("utf-16-be")) // 2)
print(s.count("\u200c"))
```

మొదటి అంకె మొత్తం గడులు, రెండోది అదృశ్య గుర్తులు. పై ఉదాహరణకు 18, 0 వస్తాయి. ఈ వ్యాసంలో ఇచ్చిన లెక్కలన్నీ ఇదే పద్ధతిలో వేసినవి.

ఇప్పుడు అసలు సందేశం. 5 లక్షల చిట్టీ, 50 మంది సభ్యులు, 50 నెలలు, నెలకు 10,000 అనుకుందాం. K14 గ్రూపులో 27వ సభ్యుడికి వెళ్ళాల్సిన సందేశాన్ని ఇంగ్లీషు నుంచి మాటకు మాటగా తెలుగు చేస్తే ఇలా వస్తుంది:

> ప్రియమైన సభ్యులకు, మీ చిట్ నంబర్ K14/27 కు సంబంధించి డివిడెండ్ రూ. 1,550 తగ్గించిన తర్వాత చెల్లించవలసిన వాయిదా మొత్తం రూ. 8,450. దీనిని 10-08-2026 తేదీ లోపు చెల్లించవలసిందిగా కోరుచున్నాము. ఆలస్యమైన యెడల రూ. 100 జరిమానా విధించబడును. తదుపరి వేలం 18-08-2026 ఉదయం 11.00 గంటలకు కూకట్‌పల్లి శాఖలో జరుగును. ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ సందేశాన్ని పట్టించుకోవద్దు.

ఇది 353 గడులు, ఆరు భాగాలు. వెయ్యిమంది సభ్యులుంటే ఒక్క నెలకే ఆరువేల ఎస్సెమ్మెస్‌ల బిల్లు.

దీన్ని కోయడం మొదలుపెట్టే ముందు సందేశం పక్కనబెట్టి, అందులో ఉన్న సంగతులను ఒక కాగితం మీద విడిగా రాసుకోవాలి. ఈ మెట్టు దాటేసినవాళ్ళే తర్వాత చిక్కుల్లో పడతారు, ఎందుకంటే వాక్యాలను చూస్తూ కోస్తే వాక్యం అందంగా మిగులుతుంది, సంగతి జారిపోతుంది. ఈ సందేశంలో ఉన్నవి: చిట్ నంబరు, కట్టాల్సిన సొమ్ము 8,450, డివిడెండ్ 1,550, ఆ డివిడెండ్ ఇప్పటికే తీసేశారన్న మాట, గడువు 10-08-2026, గడువు దాటితేనే పడే 100, పాట తేదీ 18-08-2026, సమయం ఉదయం 11, చోటు కూకట్‌పల్లి శాఖ. చివర ‘కట్టి ఉంటే పట్టించుకోవద్దు’ అన్నది సంగతి కాదు, ఒక జాగ్రత్త. దాని గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి.

ఈ జాబితాలో అంకెలూ పేర్లూ కానివి రెండున్నాయి: డివిడెండ్ తీసేశారన్నది, గడువు దాటితేనే అన్నది. పొట్టి చేసేటప్పుడు ఎగిరిపోయేవి ఇవే. అంకెను అందరూ కాపాడతారు, అంకెకూ అంకెకూ మధ్య సంబంధాన్ని మర్చిపోతారు.

ఈ అంకెలన్నీ పక్కపక్కనే పేర్చి ఒకే ఎస్సెమ్మెస్‌లో, అంటే 70 గడుల్లో పెట్టేయొచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కుదరదని ముందే లెక్కేసి తెలుసుకోవచ్చు. చిట్ నంబరుకు 6, రెండు సొమ్ములకు నాలుగేసి, రెండు తేదీలకు ఏడాదిని రెండంకెలకు కుదించినా ఎనిమిదేసి, జరిమానాకు 3, సమయానికి 5, మొత్తం 38. కూకట్‌పల్లికి 11. ఈ ఎనిమిదింటి మధ్య ఖాళీలకు 7. అప్పుడే 56 అయింది. మిగిలిన 14లో ‘డివిడెండ్’ ఒక్కటే 9 తినేస్తుంది. ఏ సొమ్ము దేనికో చెప్పే చోటే లేదు. కాబట్టి గురి 134 మీద పెట్టుకోవాలి. సాధ్యం కాని హద్దు కోసం కుస్తీ పడితే సంగతులు పోతాయి.

మొదటి కోత తేలిక. మర్యాద మాటలు, పాత ఆఫీసు భాష తీసేయాలి. ‘ప్రియమైన సభ్యులకు’ పక్కనున్న కామా, ఖాళీలతో కలిపి 19 గడులు. ‘చెల్లించవలసిందిగా కోరుచున్నాము’ 30. ‘విధించబడును’, ‘జరుగును’ అనే క్రియలు లేకపోయినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ‘పాట 18న’ అంటే పాట 18న జరుగుతుందనే కదా. క్రియ లేని వాక్యం తెలుగులో సహజంగానే ఉంటుంది, అది ఈ పనికి గొప్ప వరం. ‘తదుపరి వేలం’ తీసి ‘పాట’ పెడితే 11 గడులు 3 అవుతాయి, పైగా చిట్టీ మనుషుల నోట్లో ఉండేది పాటే. తదుపరి అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, తేదీ పక్కనే ఉంది. అలా చేస్తే:

> చిట్ K14/27 వాయిదా రూ.8450 (డివిడెండ్ రూ.1550 పోను). గడువు 10-08-2026. దాటితే జరిమానా రూ.100. పాట 18-08-2026 ఉ.11కు, కూకట్‌పల్లి శాఖ. కట్టి ఉంటే వదిలేయండి.

353 కాస్తా 155 అయింది. సంగతి ఒక్కటీ పోలేదు. ఇందులో ‘పోను’ అన్న నాలుగు గడుల మాటను చూడండి. చోటు చాలనప్పుడు ముందుగా చెయ్యి పడేది దాని మీదే. అది తీసేసి ‘వాయిదా రూ.8450, డివిడెండ్ రూ.1550’ అని రాస్తే చదివేవాడు 8,450లోంచి ఇంకో 1,550 తీసి 6,900 పట్టుకుని శాఖకు వస్తాడు. అతడి తప్పేమీ లేదు, సందేశం అలాగే ఉంది. ఇంకొందరు డివిడెండే పూర్తిగా తీసేద్దాం, కట్టాల్సింది చెబితే చాలదా అంటారు. చాలదు. డివిడెండ్ అంటే పాటలో వదులుకున్న సొమ్ములోంచి కంపెనీ కమిషన్ పోగా సభ్యులందరికీ సమానంగా పంచేది. పాటను బట్టి అది నెలనెలా మారుతుంది. రెండు అంకెలూ ఉంటే సభ్యుడు వాటిని కూడి 10,000 వచ్చిందో లేదో చూసుకోగలడు. సందేశం తయారు చేసిన మనిషి కూడా అదే కూడికతో అచ్చు తప్పు పట్టుకోవచ్చు. తొమ్మిది గడుల ‘డివిడెండ్’ ఖరీదైన మాటే, దానికి అందరికీ తెలిసిన పొట్టి రూపం లేదు. అయినా ఉండాల్సిందే.

గడువు మాట కూడా ఇలాంటిదే. ‘10 లోపు’ అంటే పదో తారీఖు కలుస్తుందా, తొమ్మిదితో ఆఖరా అన్నది మనిషికో రకంగా తోస్తుంది. అసలు ఇంగ్లీషు సందేశం పదో తారీఖును కలుపుకునే చెబుతుంది. ‘గడువు 10’ అంటే ఆ రోజే ఆఖరి రోజని ఎక్కువమందికి అర్థమవుతుంది. ‘చివరి తేదీ’ అంటే ఇంకా స్పష్టం, కానీ దానికి పది గడులు, ‘గడువు’కు ఐదే. జరిమానా ముందున్న ‘దాటితే’ ఆ గడువునే పట్టుకుని ఉంటుంది గనుక ఈ రెండు వాక్యాలనూ విడదీయకూడదు. మధ్యలో పాట సంగతి దూరిస్తే, దేన్ని దాటితే అన్న ప్రశ్న పుడుతుంది. వాయిదా అన్న మాటతోనూ జాగ్రత్త అవసరం. సొమ్ము పక్కనుంటే అది కిస్తు. ‘పాట’ పక్కన, తేదీ పక్కన పడితే పాట వాయిదా పడిందని చదువుతారు. అందుకే అది మొదటి వాక్యంలో రూపాయల పక్కనే ఉండాలి.

155 అంటే ఇంకా మూడు భాగాలు. 21 గడులు తగ్గాలి. ఇప్పుడు ‘కట్టి ఉంటే వదిలేయండి’ దగ్గర ఆగాలి. ముందున్న ఖాళీతో కలిపి అది 22 గడులు, అది తీస్తే చాలు, సందేశం 133కి వచ్చేస్తుంది. తీయొచ్చా? సందేశం వెళ్ళే జాబితాలో అప్పటికే కట్టేసినవాళ్ళు ఉంటే తీయకూడదు. వాళ్ళు మళ్ళీ కడతారు, లేదా కంగారుపడి ఫోన్ చేస్తారు. పంపే రోజు ఉదయం కట్టినవాళ్ళను జాబితాలోంచి తీసేసే ఏర్పాటు ఉంటే ఆ వాక్యానికి పనిలేదు. అంటే ఇది అనువాదకుడు ఒక్కడే తేల్చే విషయం కాదు, జాబితా తయారుచేసేవాళ్ళను అడిగి తేల్చాలి. జాబితా నమ్మదగ్గది కాకపోతే మూడు భాగాలకు డబ్బు పెట్టడమే సరైన పని. ఇక్కడ కట్టనివాళ్ళకే వెళ్తుందనుకుని ముందుకు వెళ్దాం.

133 వచ్చింది కదా, 134 లోపే ఉంది కదా అని ఇక్కడ ఆపితే వచ్చే నెల బోల్తా పడటం ఖాయం. ఎందుకంటే ఇది ఒకరికి పంపే సందేశం కాదు, టెంప్లేట్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థలు పంపే సందేశాల నమూనాలను టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయించాలి. మారే చోటల్లా అందుకు నిర్ణయించిన గుర్తు పెట్టాలి. పంపేటప్పుడు ఆ చోట్లలో ఎవరి వివరాలు వాళ్ళకు పడతాయి. నమూనాను లెక్కేయాల్సింది చేతిలో ఉన్న ఉదాహరణతో కాదు, ఆ చోట్లలోకి రాగల అతి పొడవైన విలువలతో.

ఈ కంపెనీకి దిల్‌సుఖ్‌నగర్‌లోనూ శాఖ ఉందనుకుంటే కూకట్‌పల్లి కంటే 3 గడులు ఎక్కువ. 25 లక్షల చిట్టీలో నెలకు 50,000 అయితే వాయిదా, డివిడెండ్ రెండూ ఐదంకెల్లో ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక గడి ఎక్కువ. మొత్తం 5. అంటే 133 గడుల నమూనా దిల్‌సుఖ్‌నగర్ పెద్ద చిట్టీల వాళ్ళకు 138 అవుతుంది, వాళ్ళకు మాత్రం మూడు భాగాలు పోతాయి. బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. కాబట్టి చేతిలో ఉన్న ఉదాహరణ 129 దాటకూడదు.

తేదీలను తెలుగు నెలపేరుతో రాస్తే చదవడానికి బాగుంటుంది. ‘ఆగస్టు 10’ 9 గడులే, ‘10-08-2026’ కంటే ఒకటి తక్కువ కూడా. కానీ వచ్చే నెల సెప్టెంబరు. ఆ పేరుకు 10 గడులు, ఆగస్టుకు 6. రెండు తేదీలకు కలిపి 8 గడులు ఒక్కసారిగా పెరుగుతాయి. అంకెల్లో రాసిన తేదీ ఏ నెలకైనా ఒకే పొడవు ఉంటుంది. అందుకని ఇక్కడ ‘10-08-26’ మేలు. ఏడాది మొత్తం తీసేసి ‘10-08’ అనొచ్చు గానీ, వంతులు 50 నెలలు సాగే వ్యవహారంలో పాత సందేశాలు ఫోన్‌లో అలాగే ఉంటాయి. ఏ ఏడాది ఆగస్టో తెలియని సందేశం గొడవ వచ్చినప్పుడు ఎటూ పనికిరాదు. రెండంకెల ఏడాదితో తేదీకి 8 గడులు, రెండింట్లో కలిసి 4 ఆదా.

‘జరిమానా’ 7 గడులు, ‘ఫైన్’ 4. మనవాళ్ళు కౌంటర్ దగ్గర అడిగేది ‘ఫైన్ ఎంత పడుతుంది?’ అనే. మార్చడానికి మొహమాటం అక్కర్లేదు. సొమ్ముల్లో కామాలు నాలుగంకెల దాకా తీసేయొచ్చు, ఐదంకెల దగ్గరా ఫర్వాలేదు. లక్ష దాటితే మాత్రం 108450 అన్నది చాలామందికి చటుక్కున అందదు, అక్కడ 1,08,450 అనే రాయాలి. ఆ రెండు గడులు వేరేచోట వెతుక్కోవాలి. ‘రూ.’ బదులు ₹ పెడితే ఒక్కోచోట 2 మిగులుతాయి, తెలుగు సందేశం ఎలాగూ 70ల లెక్కలోనే ఉంది గనుక నష్టం లేదు. కానీ ఆ గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. పాత కీప్యాడ్ ఫోన్లలో అంకె ముందు ఖాళీ డబ్బా పడే అవకాశం ఉంది. చోటు ఉన్నంతవరకు ‘రూ.’ మంచిది.

ఇక ప్రత్యయాల చిక్కు. ఇది తెలుగు లాంటి భాషల టెంప్లేట్లకు ఉన్న బెడద, ఇంగ్లీషు నమూనా రాసినవాళ్ళకు ఊహకైనా రాదు. ‘ఉ.11కు’ బాగానే ఉంది. పాట పది గంటలకైతే? ‘10కు’ అని పడుతుంది, మనం పదికి అంటాం. ‘కూకట్‌పల్లిలో’ అని అంటించి రాస్తే ‘శాఖ’ మిగులుతుంది గానీ, అదే చోటులోకి ఉప్పల్ వచ్చినప్పుడు మధ్యలో అదృశ్య గుర్తు లేక ‘ఉప్పల్లో’ అయిపోతుంది. ఉప్పల్ దాకా ఎలాగో సర్దుకోవచ్చు, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ‘ర్లో’ అని పడితే చదవడం కష్టం. కాబట్టి మారే చోటుకు ఏ ప్రత్యయమూ అంటించకూడదు. సమయాన్ని ‘ఉ.11:00’ అని, సాయంత్రమైతే ‘సా.5:30’ అని రాస్తే రెండూ 7 గడులే, ప్రత్యయంతో పనిలేదు. ఊరి పేరు పక్కన విడిగా ‘శాఖ’ పెడితే పేరు ఏదైనా అతుకుతుంది. సమయానికి ఒక గడి పెరిగినా ఈ మార్పు చేయాల్సిందే.

అన్నీ కలిపితే:

> చిట్ K14/27 వాయిదా రూ.8450 (డివిడెండ్ రూ.1550 పోను). గడువు 10-08-26. దాటితే ఫైన్ రూ.100. పాట 18-08-26 ఉ.11:00, కూకట్‌పల్లి శాఖ.

127 గడులు. దిల్‌సుఖ్‌నగర్, ఐదంకెల సొమ్ములు పెట్టినా 132. ఎవరికైనా రెండు భాగాలే. పంపినవాళ్ళెవరో ఫోన్‌లో పైన హెడర్‌గా కనిపిస్తుంది. సందేశం లోపల కూడా సంస్థ పేరు ఉండాలంటే ‘శాఖ’ వదులుకోవాలి, అప్పుడు దాని ముందు ఖాళీతో కలిపి 4 గడులు వస్తాయి. ముందే మిగిలిన 2 కలిస్తే ఆరు, ఒక ఖాళీ, ఐదు పొడి అక్షరాలు. అంతకు మించిన పేరైతే మూడో భాగం తప్పదు.

వరుస కూడా ఊరికే పెట్టింది కాదు. భాగం తెగేది సరిగ్గా 67వ గడి దగ్గర. మాట మధ్యలో పడ్డా, వత్తు మధ్యలో పడ్డా ఆగదు. ఫోన్ రెండింటినీ అతికించి చూపిస్తుంది గనుక మామూలుగా తెలియదు. కానీ రెండో ముక్క ఆలస్యమైతే, లేదా ఫోన్ అతికించలేకపోతే మొదటి ముక్కే సభ్యుడి చేతిలో ఉంటుంది. పై సందేశంలో గడువు తేదీ 60వ గడిలో మొదలై 67లో ముగుస్తుంది. మొదటి ముక్క ఒంటరిగా వచ్చినా ఎంత, ఎప్పటిలోగా అన్నది అందుతుంది. ఐదంకెల సొమ్ములున్నప్పుడు తేదీ ‘10-08-’ దగ్గర తెగుతుంది, అప్పుడు కూడా రోజూ నెలా మిగులుతాయి. పాటతో మొదలుపెట్టి ఉంటే ఈ భద్రత ఉండేది కాదు.

రోమన్ అక్షరాల్లో తెలుగు రాస్తే ఇదంతా ఒకే ఎస్సెమ్మెస్‌లో, 160 లోపు పడుతుంది. ఖర్చు సగం. కొన్ని సంస్థలు అలాగే పంపుతున్నాయి. కానీ ‘పోను’, ‘దాటితే’, ‘గడువు’ లాంటి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని చదవాలి. అంకెల మధ్య సంబంధాన్ని చెప్పేవి ఇవే గనుక తడబడేది కూడా అక్కడే. ఇంగ్లీషు అక్షరాలు రాని పెద్దవాళ్ళు చిట్టీల్లో ఉన్నప్పుడు అసలు తెలుగులో పంపిందే వాళ్ళ కోసం కాబట్టి ఆ దారి సరైనది కాదు.

నమోదుకు పంపే ముందు రెండు పరీక్షలు చేయాలి. మొదటిది మనిషితో. అసలు ఇంగ్లీషు సందేశం చూడని ఒకరికి ఈ తెలుగు ముక్క ఇచ్చి నాలుగు ప్రశ్నలు అడగాలి: శాఖలో ఎంత ఇవ్వాలి, పదో తారీఖు సాయంత్రం కడితే ఫైన్ పడుతుందా, పదకొండున కడితే మొత్తం ఎంత, పాటకు ఎక్కడికి ఎప్పుడు వెళ్ళాలి. సరైన జవాబులు 8,450; పడదు; 8,550; కూకట్‌పల్లి శాఖకు 18న ఉదయం 11కు. ఏ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించారో ఆ వాక్యం మళ్ళీ రాయాలి. ‘గడువు’ దగ్గర ఆగితే ఐదు గడులు ఖర్చుపెట్టి ‘చివరి తేదీ’ పెట్టడం గురించి ఆలోచించాలి. అప్పుడు కూకట్‌పల్లి సందేశం 132 అవుతుంది, దిల్‌సుఖ్‌నగర్ పెద్ద చిట్టీలది 137కు చేరుతుంది. కుండలీకరణాలు రెండూ తీసి, ‘శాఖ’ కూడా వదిలేస్తే 131కి దిగుతుంది. ‘పోను’ మాత్రం అలాగే ఉండాలి.

రెండో పరీక్ష ఫోన్లతో. దిల్‌సుఖ్‌నగర్ పేరుతో, ఐదంకెల సొమ్ములతో ఒక సందేశం తయారుచేసి ఒక స్మార్ట్‌ఫోన్‌కూ, తెలుగు చూపించే ఒక పాత కీప్యాడ్ ఫోన్‌కూ పంపాలి. కీప్యాడ్ ఫోన్‌లో ఊరి పేరు మధ్య ఎక్కడైనా అక్షరాలు కలిసిపోయాయంటే దారిలో అదృశ్య గుర్తు పోయిందని, లేదా ఆ ఫోన్‌కు అది తెలియదని అర్థం. స్మార్ట్‌ఫోన్‌లో కూడా అలాగే ఉంటే దారిలోనే పోయింది. అప్పుడు పంపే సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడగాలి. నమూనాలోనే ఉండే మాటల్లో అలాంటి గుర్తు ఉంటే, నమోదైన పాఠంలో ఒకటి, పంపే పాఠంలో ఇంకొకటి అయి సందేశం సరిపోలక ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. పై నమూనాలో ఆ గుర్తున్న మాటలు ఊరి పేర్లే, అవి ఆ మారే చోట్లలోనే పడతాయి. స్థిరంగా ఉండే మాటల్లో అది ఒక్కటి కూడా లేదు. పంపేవాళ్ళ పోర్టల్‌లో ఈ పరీక్ష సందేశానికి ఎన్ని భాగాలు లెక్కకట్టారో కూడా చూడాలి. రెండుకు బదులు మూడు కనిపిస్తే అతికించిన పాఠం చివర ఖాళీలు గానీ, కొత్త వరుసలు గానీ ఉండిపోయి ఉంటాయి. అవి కూడా గడులే.